సముద్రం అవతలికి ఒక పలకరింపు

మన ఇళ్ళలో ఎవరైనా పోయారని తెలిస్తే చుట్టాలు పలకరించడానికి వెళ్తారు. పేరుకు పలకరింపే గానీ అక్కడ మాటలు తక్కువ. వెళ్ళి చాప మీద కూర్చుంటారు. ఆడవాళ్ళయితే ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని కాసేపు ఏడుస్తారు. ఎవరో ఒకరు "ఎలా జరిగింది?" అని అడుగుతారు. ఇంట్లోవాళ్ళు ముందు రోజు రాత్రి భోజనం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెబుతారు. అప్పటికి పదిమందికి చెప్పిందే అయినా మళ్ళీ చెబుతారు. అలా చెప్పుకుంటున్నకొద్దీ గుండెలో బరువు కాస్త దిగుతుంది. వచ్చినవాళ్ళని "రండి" అనరు. వెళ్ళేవాళ్ళు "వెళ్ళొస్తాం" అనరు, మెల్లగా లేచి వెళ్ళిపోతారు. ఓదార్పంతా మనిషి రావడంలో, పక్కన కూర్చోవడంలో ఉంది.

ఈ పద్ధతికి కాగితంతో పని పడలేదు. పాతరోజుల్లో ఉత్తరం కబురు చెప్పడానికే వచ్చేది. అశుభం అని పైన రాసిన కార్డు అందితే చదివి చింపేసేవారు. దానికి జవాబు రాస్తూ కూర్చోవడం కాదు, అందిన బస్సు పట్టుకుని బయల్దేరడం మర్యాద. అందుకే దుఃఖంలో ఉన్నవాళ్ళకు తెలుగులో రాసి పంపాలంటే మన చేతికి వెంటనే దొరికేవి పత్రికల మాటలు. ప్రగాఢ సానుభూతి, తీరని లోటు, వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. ఇవి తప్పు మాటలేం కాదు. సంఘం తరఫున, ఆఫీసు తరఫున రాసే ఉత్తరానికి తగినవే. మేనత్త మేనకోడలికి రాస్తే మాత్రం అతకవు.

ఇంగ్లీషు దేశాల్లో దీనికి పూర్తిగా వేరే అలవాటు. అక్కడ కార్డు రాయడం పెద్ద మర్యాద. దుకాణాల్లో సంతాపం తెలపడానికే విడిగా కార్డులు అమ్ముతారు. అందులో రెండు వాక్యాలు చేత్తో రాసి పంపుతారు. చెప్పకుండా ఇంటికి వెళ్ళడం ఇబ్బందిగా భావిస్తారు. కాబట్టి ఆ భాషలో రాతకు పనికొచ్చే చిన్న వాక్యాలు బాగా స్థిరపడ్డాయి. "ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అలాంటిదే. వాటిలో ఎక్కువ భాగం "నేను"తో మొదలవుతాయి. నాకు బాధగా ఉంది, నేను నీ గురించి ఆలోచిస్తున్నాను, నావల్ల ఏమైనా కావాలంటే చెప్పు అంటూ నడుస్తాయి. మన ఓదార్పు "నువ్వు"తో నడుస్తుంది. తిన్నావా, నిద్రపోయావా, అమ్మ ఎలా ఉంది, ధైర్యంగా ఉండు. దుఃఖంలో ఉన్నవాణ్ణి మనం పనిలోకి, మనుషుల్లోకి లాగుతాం. వాళ్ళు తమ బాధ చెప్పి, కాస్త దూరంగా నిలబడతారు. రెండింటిలోనూ ప్రేమే ఉంది. ఒక భాషలోంచి మరో భాషలోకి మాటకు మాట దించితే మన ప్రేమ వాళ్ళకి ఆజ్ఞలా వినిపిస్తుంది, వాళ్ళ ప్రేమ మనకి పరాయివాళ్ళ పలకరింపులా వినిపిస్తుంది.

ఈ రెంటికీ మధ్య చిక్కుకునే మనిషి ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. ఇక్కడ చదువుకుని పాతికేళ్ళకు అక్కడికి వెళ్ళినవాళ్ళో, ఇక్కడే ఉండి ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళో. అత్తయ్య చెప్పింది ఇంగ్లీషులో రాసిపెట్టమంటారు, అక్కడి పిల్లాడు పంపింది పెద్దమ్మకు చదివి వినిపించమంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ కోసం.

తెనాలి నుంచి న్యూజెర్సీకి

ఇలాంటి ఒక సందర్భం ఊహించుకుందాం. తెనాలిలో పుట్టి న్యూజెర్సీలో స్థిరపడిన ఒకాయన గుండెపోటుతో పోయారు. అరవై ఎనిమిదేళ్ళు. ఆయన అక్క తెనాలిలో ఉంది, ప్రయాణం చేసే ఓపిక లేదు. ఆయన కూతురు అక్కడే పుట్టింది. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవలేదు. ఆమె భర్తకు తెలుగు అసలు రాదు. ఇద్దరూ చదువుకునేలా ఇంగ్లీషులో రాసి పంపమని మేనత్త చెబుతోంది. ఆవిడ మాటలివి:

"అమ్మలూ, మీ నాన్న ఇలా చేస్తాడని కలలో కూడా అనుకోలేదే. నన్ను సాగనంపాల్సినవాడు నాకంటే ముందు వెళ్ళిపోయాడు. ఏం చేస్తాం, వాడికి అంతే రాసిపెట్టి ఉంది. ఏడవకు తల్లీ, ధైర్యంగా ఉండు. నువ్వే ఇలా అయిపోతే మీ అమ్మనెవరు చూస్తారు? అన్నం తింటున్నారా? అమ్మచేత నాలుగు ముద్దలు తినిపించు. ఒకరిచేత చేయించుకోకుండా దర్జాగా పోయాడు, అదృష్టవంతుడు. నాకు రావాలనే ఉంది, ఈ మోకాళ్ళతో ఎలా రాను? ఇక్కడికి వచ్చినప్పుడు నా దగ్గర పది రోజులుండి వెళ్ళండి."

ఒక్కొక్క వాక్యం పట్టుకుని చూద్దాం. మొదటి రెండు వాక్యాల్లో అసలు బాధ ఉంది. చిన్నవాడు ముందు పోయాడు. ఇది ఏ భాషలోనైనా అర్థమయ్యేదే కాబట్టి దీన్ని పూర్తిగా ఉంచాలి. "ఐ నెవర్ థాట్ మై లిటిల్ బ్రదర్ వుడ్ గో బిఫోర్ మీ" అంటే చాలు. "ఇలా చేస్తాడని" అన్నదాన్ని యథాతథంగా పెడితే ఆయన మీద నేరం మోపినట్టు వినిపిస్తుంది. తెలుగులో అది ముద్దుతో కూడిన నిష్ఠూరం. ఆ ముద్దంతా "లిటిల్ బ్రదర్" అన్నదాంట్లోకి వస్తుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని చిన్న తమ్ముడు అనగలిగేది ఆ అక్క ఒక్కతే.

"రాసిపెట్టి ఉంది" దగ్గర ఆగాలి. మనకి ఈ మాట ఊరట. డాక్టరు దగ్గరికి ఇంకో గంట ముందు తీసుకెళ్ళి ఉంటేనో అని కుమిలిపోయే మనిషికి, ఇందులో నీ తప్పేం లేదని చెప్పడమే దీని పని. అక్కడ పెరిగిన అమ్మాయికి ఇంగ్లీషులో "ఇట్ వజ్ హిజ్ ఫేట్" అని చేరితే, ఆయన పోవడం సబబేనన్నట్టు, దీని గురించి ఇక మాట్లాడొద్దన్నట్టు అనిపించవచ్చు. కాబట్టి మాటను వదిలి దాని పనిని అందించాలి. "దేర్ వజ్ నథింగ్ ఎనీ ఆఫ్ యూ కుడ్ హావ్ డన్". మీరెవరూ చేయగలిగింది ఏమీ లేదు. అత్తయ్య చెప్పాలనుకున్నది ఇదే.

"ఏడవకు, ధైర్యంగా ఉండు" ఇంకా సున్నితమైన చోటు. ఈ మాట అంటున్నప్పుడు మనం పక్కనే కూర్చుని వీపు నిమురుతుంటాం, మన కళ్ళూ తడిసే ఉంటాయి. ఆ చెయ్యి లేకుండా మాట ఒక్కటే సముద్రం దాటితే "డోంట్ క్రై, బీ స్ట్రాంగ్" అన్నది దుఃఖపడొద్దని ఆంక్షలా తగులుతుంది. పైగా అక్కడ స్కూళ్ళలో, స్నేహితుల మధ్య, ఏడుపును ఆపుకోకపోవడమే ఆరోగ్యమన్న మాట విని పెరుగుతారు. తండ్రిపోయిన వారంలో ఒక పెద్దావిడ ఏడవొద్దందని ఆ అమ్మాయి మనసు చిన్నబుచ్చుకుంటుంది. అందుకని ఆజ్ఞను నమ్మకంగా మార్చాలి. నువ్వు అమ్మ దగ్గరున్నావన్నదే మాకు ధైర్యం అని తెలుగులో అనుకుని, "ఇట్ కంఫర్ట్స్ అస్ టు నో యూ ఆర్ విత్ యువర్ మదర్" అని రాయాలి. అమ్మను చూసుకోమన్న బాధ్యత అందులో ఉంది, బెదిరింపు లేదు.

అన్నం సంగతి మాత్రం తీసెయ్యకండి. చాలామంది అనువదించేవాళ్ళు ఇది ఇంగ్లీషులో బాగోదని ఎత్తేస్తారు. నా అభిప్రాయంలో ఆ ఉత్తరం మొత్తానికి ప్రాణం అదే. "ప్లీజ్ సీ దట్ అమ్మ ఈట్స్ ఎ లిటిల్" అంటే ఏ దేశం మనిషికైనా అర్థమవుతుంది. అక్కడి ఇరుగుపొరుగు కూడా చావు జరిగిన ఇంటికి వండిన గిన్నెలు తెచ్చి ఇస్తారు.

ఇక "అదృష్టవంతుడు". మంచాన పడకుండా పోవడం మన పెద్దల దృష్టిలో వరం. ముత్తైదువుగా పోయిన ఆవిడ గురించీ ఇలాగే అంటారు. దీన్ని "హీ వజ్ లక్కీ" అని రాయకూడదు, ఎన్ని విశేషణాలు చేర్చినా కూడదు. ఆయన్ని తెలిసినవాళ్ళు ఆయన గురించి చెప్పే ఒక నిజంగా దాన్ని మార్చాలి. ఉదయం నడకకు వెళ్ళొచ్చి, కాఫీ తాగి, మనవడితో మాట్లాడి ఆ తర్వాత పోయాడనుకోండి, చివరి రోజు కూడా తన కాళ్ళ మీద తను తిరిగాడు, అలా ఉండాలనే వాడు కోరుకునేవాడు అని రాయొచ్చు. ముత్తైదువుగా పోయినావిడ సంగతైతే, తాతయ్య పక్కనుండగా వెళ్ళాలని ఎప్పుడూ అనేది, ఆయన పక్కనే ఉన్నారు అని రాయొచ్చు. ఇది నిజమైతేనే రాయాలి. ఆస్పత్రిలో నెల రోజులు బాధపడినవాళ్ళ గురించి ప్రశాంతంగా వెళ్ళిపోయారని రాస్తే, దగ్గరుండి చూసిన పిల్లలకు అది గుచ్చుకుంటుంది.

చివర్లో మోకాళ్ళ మాట, పది రోజులు ఉండి వెళ్ళమన్న మాట. రాలేకపోయినందుకు క్షమాపణగా మార్చొద్దు. "ఐ విష్ ఐ కుడ్ సిట్ విత్ యూ అండ్ యువర్ మదర్" అంటే మన పలకరింపు అంటే ఏమిటో ఆ అమెరికా అల్లుడికి కూడా తెలుస్తుంది. మాట్లాడాలని కాదు, పక్కన కూర్చోవాలని ఉందని. సంతకం దగ్గర "యువర్ ఆంట్" అని కాకుండా "అత్తయ్య" అనే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. ఆ పిల్ల ఆవిణ్ణి జీవితంలో ఎప్పుడూ ఆంట్ అని పిలవలేదు. అలాగే పెదనాన్న కొడుకు పోతే "యువర్ కజిన్" అని రాస్తే మనిషి ఒక మెట్టు దూరం జరిగిపోతాడు. వాళ్ళకి అతను అన్నయ్య. "యువర్ అన్నయ్య" అనే రాయాలి. వరసలే మనకి గౌరవవాచకాలు. ఇంగ్లీషులో "గారు" లేని లోటును చాలావరకు అవే తీరుస్తాయి.

మనవాళ్ళ ఇంగ్లీషులో పాతుకుపోయిన మాట ఇంకొకటుంది. "ఫాదర్ ఎక్స్‌పైర్డ్". టెలిగ్రాముల కాలంలో ఇది ఇంటింటికీ చేరింది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయినా మాట ఆగలేదు. అమెరికాలో, ఇంగ్లండులో మామూలు వాడుకలో అది పాల ప్యాకెట్టుకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ గడువు తీరిందని చెప్పే మాట. ఆస్పత్రి రికార్డుల్లో ఉండొచ్చు గానీ ఇంట్లోవాళ్ళు అనరు. "పాస్డ్ అవే" అన్నది అన్ని చోట్లా మర్యాదైన మాట, అల్లుడికైనా వియ్యాలవారికైనా సరిపోతుంది. మరీ సూటిగా "డైడ్" అన్నా అక్కడ అమర్యాద కాదు. పరాయివాళ్ళ నోట మాత్రం కాస్త కరుగ్గా ఉంటుంది.

"ఎలా జరిగింది" అన్న ప్రశ్న ఉత్తరంలో వద్దు. ఇక్కడ అది అడగకపోతే పట్టించుకోనట్టు. అక్కడ మరణానికి కారణం అడగడం, అదీ రాతలో అడగడం, ఇంట్లోకి తొంగిచూసినట్టు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి. ప్రమాదమో, ఆత్మహత్యో అయితే ఈ జాగ్రత్త మరీ అవసరం. తెలుగు పెద్దలకు ఈ తేడా ముందే చెప్పి పెట్టడం మధ్యనున్న మనిషి చేయగల మేలు.

డాలస్ నుంచి ఖమ్మానికి

ఇప్పుడు ఎదురు దిక్కున చూద్దాం. ఖమ్మంలో పెద్దనాన్న పోయాడు. డాలస్‌లో పెరిగిన కుర్రవాడు పెద్దమ్మకు ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి, తెలుగులో పెట్టి పంపమని తల్లినో బాబాయినో అడుగుతాడు. సాధారణంగా అవి ఇలా ఉంటాయి. నీ లాస్‌కి సారీ, పెద్దనాన్న అమేజింగ్ పర్సన్, ఎన్నో గ్రేట్ మెమరీస్ ఉన్నాయి, మీరంతా నా థాట్స్‌లో ఉన్నారు, ఎనీథింగ్ ఐ కెన్ డూ, ప్లీజ్ లెట్ మీ నో.

సారీ అంటే ఇక్కడ క్షమాపణ కాదు, నొప్పి. ఇంగ్లీషులో ఆ మాట పుట్టుకే నొప్పి అన్న అర్థం నుంచి. "మీ నష్టానికి క్షమించండి" అని పెట్టేవాళ్ళు ఇది మరిచిపోతారు. నష్టం మనకి వ్యాపారంలో, పంటలో వస్తుంది. మనిషి పోతే లోటు అంటాం, అదీ సభల్లో. పెద్దమ్మతో మాట్లాడేటప్పుడు ఆ రెండూ అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే దగ్గరివాళ్ళతో మనం చావన్న మాటే తేము. "విషయం తెలిసింది పెద్దమ్మా. తెలిసినప్పటి నుంచి మనసు మనసులో లేదు" అంటే ఆ ఇంగ్లీషు వాక్యం మొత్తం వచ్చేసినట్టే.

"అమేజింగ్ పర్సన్"కు తెలుగు వెతకొద్దు. మహానుభావుడు, అద్భుతమైన వ్యక్తి అని రాస్తే ఆ పెద్దమ్మకు ఎవరి గురించో విన్నట్టుంటుంది. ఈ చోట అనువదించే మనిషి చెయ్యాల్సిన పని ఒకటే. ఆ కుర్రవాడికి ఫోన్ చేసి, పెద్దనాన్నతో నీకు బాగా గుర్తున్న ఒక్క సంగతి చెప్పు అని అడగాలి. వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని మామిడితోటకు తీసుకెళ్ళేవాడు అని చెబుతాడు. అంతే, ఆ వాక్యం పెట్టండి. పొగడ్తల కంటే ఆ స్కూటరు పెద్దమ్మకు ఎక్కువ ఊరట. తన భర్తను ఇంకెవరో కూడా కళ్ళారా గుర్తుపెట్టుకున్నారని ఆవిడకు తెలియాలి.

"యూ ఆర్ ఇన్ మై థాట్స్" అన్నదాన్ని "నా ఆలోచనల్లో ఉన్నారు" అని రాస్తే అర్థమవుతుంది గానీ మనవాళ్ళెవరూ అలా అనరు. "నా మనసంతా అక్కడే ఉంది" అంటారు. "నువ్వే గుర్తొస్తున్నావు పెద్దమ్మా" అంటారు. సహాయం కావాలంటే చెప్పమన్నది ఇంకా కష్టమైన వాక్యం. అక్కడ అది పద్ధతైన మాట. ఇక్కడ సొంత మనిషి నోట వింటే, కొడుకు వరసైనవాడు పొరుగువాడిలా అడిగినట్టుంటుంది. పైగా ఏ పెద్దావిడా నాకు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగదు. కాబట్టి కుర్రవాడు చేయగలిగింది ఏమిటో తెలుసుకుని అదే చెప్పించాలి. "ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను" అని. "డిసెంబరులో వస్తున్నాను, నీ దగ్గరే ఉంటాను" అని. నిలబెట్టుకోగలిగితేనే. ఖర్చులకు డబ్బు పంపుతున్నానన్న మాట ఈ సందేశంలోకి రాకూడదు. ఆ సంగతి అక్కడున్న అన్నతోనో బావతోనో విడిగా మాట్లాడుకోవాలి.

గౌరవం విషయంలో ఒక్క సూత్రం చాలు. మనిషి బతికుండగా ఎలా పిలిచేవాళ్ళో పోయాక కూడా అలాగే పిలవాలి. పెద్దనాన్నను "నువ్వు" అని పిలిచిన ఇంట్లో, "పెద్దనాన్న పోయాడు" అన్నదే దగ్గరితనం. కుర్రవాడి పేరు మీద హఠాత్తుగా "పెద్దనాన్నగారు పరమపదించారని తెలిసి తీవ్ర దిగ్భ్రాంతికి లోనయ్యాను" అని వెళ్తే, పెద్దమ్మకు ఆ రాసింది ఎవరో వెంటనే తెలిసిపోతుంది, ఆ పిల్లవాడు మాత్రం అందులో కనిపించడు. "మీరు", "ఆయన" అనే ఇళ్ళలో "పోయారు", "కాలం చేశారు" సహజంగా ఉంటాయి. వియ్యాలవారికి రాసేటప్పుడు "బావగారి విషయం తెలిసి ఇంటిల్లిపాదికీ చాలా బాధగా ఉందండీ" అంటే మన్నన, చనువు రెండూ నిలుస్తాయి.

ఇంకో సలహా. అచ్చులో పంపడం కంటే ఆ పిల్లవాడి గొంతుతో పంపండి. ఐదారు మాటలకు మించని వాక్యాలు నాలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగును రాసి అతనికి ఇవ్వండి. అతను చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతాడు. ఒత్తులు తప్పుతాయి, ళ కారం ల అవుతుంది. దిద్దకండి. పెద్దమ్మ దాన్ని పదిసార్లు వింటుంది. ముందు ఒక్కసారి అతనిచేత బయటికి చదివించి, నోరు తిరగని మాట ఉంటే మార్చండి. చివర్లో "బై", "సీ యూ సూన్", "వెళ్ళొస్తాను" లాంటివి రాకుండా చూడండి. "ఉంటాను పెద్దమ్మా" అంటే బాగుంటుంది.

అక్కడి పిల్లలు ఓదార్పు మాట వినగానే "థాంక్యూ" అంటారు. ఇక్కడి పెద్దలకు అది విచిత్రంగా ఉంటుంది, మనం పరామర్శకు ధన్యవాదాలు చెప్పం. ఆ పిల్లల అలవాటులో మాత్రం, నీ మాట నాకు అందింది, నాకు బలమిచ్చింది అని చెప్పడానికి ఉన్న మాట అదొక్కటే. పెద్దలు నొచ్చుకోనక్కర్లేదు.

కర్మలు, ప్రార్థనలు, తేదీలు

కబురుతో పాటు కార్యక్రమాల వివరాలూ పంపాలి. ఇక్కడ మాట పొరపాటైతే అర్థమే మారిపోతుంది. పెద్దకర్మ అంటే "ది ఎలెవంత్ డే సెరిమనీ" అని రోజు లెక్కతో రాస్తే చాలు. మీ ఇంట్లో పన్నెండో రోజో, పదమూడో రోజో చేస్తే ఆ అంకె రాయండి. మైలలో ఉన్నాం కాబట్టి గృహప్రవేశానికి రాలేమని చెప్పాల్సి వస్తే, అంటు, అపవిత్రం అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటలు వద్దు. మేము సంతాప దినాల్లో ఉన్నాం, శుభకార్యాలకు వెళ్ళం అంటే అక్కడివాళ్ళు గౌరవంగా అర్థం చేసుకుంటారు. అటునుంచి "సెలబ్రేషన్ ఆఫ్ లైఫ్" అని కబురొస్తే దాన్ని జీవిత వేడుక అని ఇక్కడి పెద్దలకు చెప్పకండి. తండ్రి పోతే పండగ చేస్తున్నారా అనుకుంటారు. ఆయన్ని తలుచుకుని నలుగురూ మాట్లాడే సభ, మన సంస్మరణ సభ లాంటిదే. అక్కడ దహనం కూడా మన దగ్గరిలా ఆ రోజో మర్నాడో జరగకపోవచ్చు. కాగితాలు, అనుమతులు, ఫ్యునరల్ హోమ్ వీలు చూసుకుని కొన్ని రోజులు పట్టడం మామూలే. ఆలస్యాన్ని నిర్లక్ష్యంగా తీసుకోవద్దని ఇక్కడివాళ్ళకు ముందే చెప్పాలి.

మత విశ్వాసం ఉన్న మాటలకు ఆ ఇంటివాళ్ళ మాటే ప్రమాణం. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో "ప్రభువునందు నిద్రించారు" అన్నది ఇంగ్లీషులో "ఫెల్ అస్లీప్ ఇన్ ద లార్డ్"గా చక్కగా సరిపోతుంది, రెండూ బైబిల్ నుంచి వచ్చినవే. "దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక" అన్నచోట ఆదరణ అంటే ఓదార్పు, మర్యాద చేయడం కాదు. ముస్లింల ఇళ్ళలో "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్" అన్నదాన్ని ఏ భాషలోకీ మార్చకుండా అలాగే ఉంచుతారు. మనం హిందువుల ఇళ్ళలో తరచూ వాడే "ఆర్ఐపీ" పాత లాటిన్ క్రైస్తవ ప్రార్థనకు పొట్టి రూపం. మూడక్షరాల్లో పంపడం ఏ ఇంటివాళ్ళకైనా తేలికగా తీసుకున్నట్టు కనిపిస్తుంది. సద్గతి కలగాలని పూర్తి వాక్యంగా రాయండి, శైవులైతే శివైక్యమని, వైష్ణవులైతే పరమపదమని వాళ్ళే అనే అలవాటుంటే ఆ మాటే వాడండి.

పసిబిడ్డ పోయినప్పుడు, ఎదిగిన కొడుకు ప్రమాదంలో పోయినప్పుడు పైన చెప్పినవేవీ పనికిరావు. రాసిపెట్టి ఉండటం, దేవుడికి ఇష్టమైనవాళ్ళు కావడం, మళ్ళీ నీ కడుపునే పుడతాడనడం, ఇవేవీ ఇంగ్లీషులోకి తేకండి. తెలుగులో కూడా అనకపోతే మంచిది. "మాకు మాటలు రావడం లేదు" అంటే "దేర్ ఆర్ నో వర్డ్స్". ఇక్కడ మాత్రం రెండు భాషలూ ఒకేలా మాట్లాడతాయి. ఆ బిడ్డ పేరు రాయండి, ఆ ఒక్క వాక్యం రాయండి, కింద మీ పేరు రాయండి.

ఆఖరి విషయం ఏడాది తర్వాతది. మన సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి ఆ తిథి మామూలుగా పది పన్నెండు రోజులు ముందే వస్తుంది, అధికమాసం పడిన ఏడాది వెనక్కి జరుగుతుంది. అమెరికాలో స్థానిక సమయాన్ని బట్టి ఒక రోజు తేడా కూడా రావచ్చు. అక్కడి పిల్లలకు, అల్లుళ్ళకు, కోడళ్ళకు మాత్రం గుర్తుండేది క్యాలెండరు తేదీ. తెనాలిలో తద్దినం పెట్టిన రోజున న్యూజెర్సీకి తెలియదు, న్యూజెర్సీలో కూతురు ఏడుస్తున్న రోజున తెనాలికి గుర్తుండదు. అందుకని ఇంట్లో ఫోన్లలో తిథి, తేదీ రెండూ రాసిపెట్టుకోండి. ఏటా సంవత్సరీకం ఏ రోజు పడిందో పురోహితుణ్ణి అడిగి అక్కడికి ముందే చెప్పండి. తేదీ వచ్చిన రోజున మీరే ఫోన్ చేసి, ఇవాళ నాన్న గుర్తొచ్చాడమ్మా అని చెప్పండి.